కిలో సాల్డర్ చల్లారుతుంటే లోపల ఏది ఎంత: సీసం-తగరం పటంలో లీవర్ రూల్

కర్నూలులో హైవే పక్కన పాత లారీల రాగి, ఇత్తడి రేడియేటర్లకు మాటు వేసే షెడ్డులో వాడే సాల్డర్ కడ్డీకీ, అనంతపురంలో టీవీ మెకానిక్ వాడే సాల్డర్ తీగకీ ముడిసరుకు ఒకటే: సీసం, తగరం. తేడా పాళ్లలో ఉంది. కడ్డీలో సాధారణంగా నూటికి 40 పాళ్లు తగరం, తీగలో 60 పాళ్లు. రెండూ పూర్తిగా గట్టిపడేది 183 డిగ్రీల దగ్గరే. అయినా కడ్డీ సాల్డర్ చాలాసేపు ముద్దలా మెత్తగా ఉండి, తుడిచి సర్దడానికి వీలిస్తుంది. తీగ సాల్డర్ కరిగిందంటే నీరు, ఆరిందంటే రాయి, మధ్యలో ఆగదు. ఈ తేడాకు కారణం ఫేజ్ డయాగ్రంలో ఉంది. ఏ వేడి దగ్గర ఎంత గట్టిపడిందో గ్రాముల్లో చెప్పేది లీవర్ రూల్.

మెటీరియల్ సైన్స్ పేపరు రాసే మెకానికల్, మెటలర్జీ విద్యార్థులకు ఈ పటం కొత్త కాదు. లెక్కలూ వస్తాయి. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది కూడికల్లో, భాగహారాల్లో కాదు. ప్రశ్న దేని గురించి అడుగుతోందో గుర్తుపట్టడంలో తప్పు జరుగుతుంది. అందుకే ఇక్కడ ఒకే మిశ్రమాన్ని, 40 శాతం తగరం ఉన్న ఒక కిలో సాల్డర్‌ను, 300 డిగ్రీల నుంచి 150 డిగ్రీల దాకా మెట్టు మెట్టుగా చల్లారుస్తూ చూద్దాం. కిలో అంటే 400 గ్రాముల తగరం, 600 గ్రాముల సీసం. ఈ 400 అంకెను గుర్తుంచుకోండి. ప్రతి మెట్టు దగ్గరా జవాబు సరిపోయిందో లేదో తేల్చేది ఇదే.

ముందు పటం గీసుకోవాలి

గ్రాఫు కాగితం మీద అడ్డంగా 0 నుంచి 100 వరకు తగరం బరువు శాతం, నిలువుగా 0 నుంచి 350 వరకు సెంటీగ్రేడ్ డిగ్రీలు వేయండి. ఎడమ అంచు మొత్తం సీసం, కుడి అంచు మొత్తం తగరం. ఇప్పుడు ఐదు చుక్కలు పెడితే పటం అస్థిపంజరం సిద్ధమవుతుంది. సీసం కరిగే 327 డిగ్రీలు ఎడమ అంచు మీద, తగరం కరిగే 232 డిగ్రీలు కుడి అంచు మీద. మిగిలిన మూడూ 183 డిగ్రీల గీత మీదే ఉంటాయి: 18.3 శాతం దగ్గర ఒకటి, 61.9 శాతం దగ్గర ఒకటి, 97.8 శాతం దగ్గర ఒకటి. పుస్తకాన్ని బట్టి ఈ అంకెలు ఒక పాయింటు అటూ ఇటూ ఉంటాయి. 18.3 బదులు 19 అని, 97.8 బదులు 97.5 అని ఇచ్చినవి కూడా ఉన్నాయి. పరీక్షలో ఇచ్చిన పటం ఏదైతే దాని అంకెలే వాడాలి.

రెండు అంచుల మీది చుక్కల నుంచి 61.9 దగ్గరి చుక్కకు వాలుతూ వచ్చే రెండు గీతలు లిక్విడస్. వాటికి పైన అంతా ద్రవమే. 327 నుంచి 18.3 చుక్కకు, 232 నుంచి 97.8 చుక్కకు దిగే గీతలు సాలిడస్. 183 దగ్గర అడ్డంగా పరుచుకున్న గీత కూడా సాలిడస్‌లో భాగమే, దాన్నే యూటెక్టిక్ గీత అంటారు. 18.3, 97.8 చుక్కల నుంచి కిందికి, అంచుల వైపు వంగుతూ పోయేవి సాల్వస్ గీతలు. గట్టి సీసం తనలో ఎంత తగరాన్ని ఇముడ్చుకోగలదో ఎడమ సాల్వస్ చెబుతుంది. 183 దగ్గర 18.3 శాతం, 150 దగ్గర సుమారు 11, 100 దగ్గర సుమారు 5. వేడి తగ్గేకొద్దీ ఆ చోటు ఇరుకవుతుంది. కుడి వైపు తగరంలో సీసానికి దొరికే చోటు మొదటి నుంచీ చాలా తక్కువ.

తగరం కొంత కలిసిన గట్టి సీసాన్ని ఆల్ఫా అంటారు. సీసం కాస్త కలిసిన గట్టి తగరం బీటా. పటంలో ఎక్కడ చూసినా ఉండే ఫేజ్‌లు మూడే: ద్రవం, ఆల్ఫా, బీటా. ఒక్కోచోట ఒక్కటే ఉంటుంది, ఒక్కోచోట రెండు కలిసి ఉంటాయి.

గీతలను స్కేలు పెట్టి నిటారుగా గీస్తే ఉజ్జాయింపుగా సరిపోతుంది కానీ అసలు గీతలు కొంచెం వంగి ఉంటాయి. 40 శాతం దగ్గర స్కేలు గీత 234 డిగ్రీలు చూపిస్తే, అసలు లిక్విడస్ 238 చూపిస్తుంది. కింది లెక్కల్లో వంపు గీతల మీద చదివిన అంకెలనే వాడాను.

నిలువు గీత వేరు, అడ్డ గీత వేరు

40 శాతం దగ్గర కింది నుంచి పైదాకా పెన్సిలుతో ఒక నిలువు గీత గీయండి. మన కిలో సాల్డర్ ఎంత చల్లారినా ఈ గీతను వదలదు, ఎందుకంటే కుండలోంచి సీసం గానీ తగరం గానీ ఎక్కడికీ పోవడం లేదు. మొత్తం పాళ్లు మారవు. మారేది ఆ పాళ్లు లోపల ఎలా పంచుకున్నాయన్నది.

300 డిగ్రీల దగ్గర నిలువు గీత ద్రవ ప్రాంతంలో ఉంది. కిలో మొత్తం ద్రవం, అందులో 40 శాతం తగరం. ఇక్కడ లీవర్ రూల్‌కు పనే లేదు. ఒకే ఫేజ్ ఉన్నచోట దాని పాళ్లు మిశ్రమం పాళ్లే, దాని మొత్తం నూటికి నూరే. ఇలాంటి బిందువు దగ్గర కూడా పక్క గీతల దాకా అడ్డ గీత లాగి లెక్క కట్టేవాళ్లున్నారు. ఏ లెక్క మొదలుపెట్టే ముందైనా బిందువు ఏ ప్రాంతంలో పడిందో, అక్కడ ఎన్ని ఫేజ్‌లున్నాయో కాగితం మీద రాసుకోవడం మంచి అలవాటు.

238 డిగ్రీల దగ్గర నిలువు గీత లిక్విడస్‌ను తాకుతుంది. తొలి ఆల్ఫా రేణువు ఇక్కడ పుడుతుంది. ఇక్కడి నుంచి 183 దాకా ద్రవం, ఆల్ఫా కలిసి ఉంటాయి.

200 డిగ్రీల దగ్గర ఆగుదాం. ఆ వేడి దగ్గర ఒక అడ్డ గీత గీయండి, ఎడమ వైపు సాలిడస్‌ను తాకేదాకా, కుడి వైపు లిక్విడస్‌ను తాకేదాకా. దీన్నే టై లైన్ అంటారు. రెండు కొసల నుంచి కిందికి దిగి చదవండి. ఎడమ కొస 17 శాతం, కుడి కొస 57 శాతం. అంటే ఇప్పుడున్న ఆల్ఫాలో తగరం 17 శాతం, ఇప్పుడున్న ద్రవంలో తగరం 57 శాతం. మిశ్రమం మొత్తంగా 40 శాతమే అయినా, 40 శాతం తగరం ఉన్న పదార్థం ఆ క్షణాన కుండలో ఎక్కడా లేదు. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే సగం పటం వచ్చినట్టే.

ఇప్పటిదాకా తెలిసింది ఏ ఫేజ్‌లో ఎంత తగరం అన్నది. ఏ ఫేజ్ ఎన్ని గ్రాములో ఇంకా తెలియదు. దానికి తగరం లెక్క చూడాలి. ద్రవం భాగం x అనుకుంటే, ఆల్ఫా భాగం 1 − x. ద్రవంలోని తగరం, ఆల్ఫాలోని తగరం కలిస్తే మొత్తం 40 రావాలి:

```
57x + 17(1 − x) = 40
x = (40 − 17) / (57 − 17) = 23/40 = 0.575
```

ద్రవం 575 గ్రాములు, ఆల్ఫా 425 గ్రాములు. లీవర్ రూల్ అంటే ఇంతే. పైన 40 − 17 అన్నది నిలువు గీత నుంచి ఆల్ఫా కొస దాకా ఉన్న దూరం, కింద 57 − 17 అన్నది టై లైన్ మొత్తం పొడవు. ద్రవం ఎంతో కావాలంటే ద్రవానికి ఎదురుగా ఉన్న చేతిని కొలవాలి. కావడి మోసేవాడు రెండు బరువులు సమంగా లేనప్పుడు భుజాన్ని బరువైన కొస దగ్గరికి జరుపుకుంటాడు కదా, ఇక్కడ నిలువు గీత ఆ భుజం. అది 40 దగ్గర ఉంది. 57 నుంచి 17 పాయింట్ల దూరం, 17 నుంచి 23 పాయింట్ల దూరం. భుజం ద్రవం కొసకు దగ్గరగా ఉంది కాబట్టి బరువు ద్రవం వైపే ఎక్కువ.

ఈ మెట్టు దగ్గర ఒక జాగ్రత్త. ద్రవంలో తగరం 57 శాతం, మొత్తంలో ద్రవం 57.5 శాతం. ఈ రెండూ దగ్గర దగ్గరగా రావడం యాదృచ్ఛికం. ఒకటి ఫేజ్ పాళ్లు, ఇంకొకటి ఫేజ్ మొత్తం. మొదటిది టై లైన్ కొస చెబుతుంది, రెండోది చేతుల నిష్పత్తి చెబుతుంది. 230 డిగ్రీల దగ్గర ఇదే లెక్క కడితే తేడా కళ్లకు కడుతుంది. అక్కడ కొసలు 15, 43. ద్రవం (40 − 15) ÷ (43 − 15), అంటే 25 ÷ 28, సుమారు 89.3 శాతం. ద్రవంలో తగరం 43 శాతమే, ద్రవం మాత్రం 893 గ్రాములుంది.

చేతులు తారుమారైతే ఎలా తెలుస్తుంది? 200 డిగ్రీల దగ్గర ద్రవం 425 గ్రాములు, ఆల్ఫా 575 గ్రాములు అని రాశారనుకుందాం. తగరం కూడండి. 425లో 57 శాతం సుమారు 242 గ్రాములు, 575లో 17 శాతం సుమారు 98 గ్రాములు. మొత్తం 340. కుండలో పోసింది 400. అరవై గ్రాముల తగరం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, చేతులే అటూ ఇటూ అయ్యాయి. సరైన జవాబుతో కూడితే 575లో 327.75, 425లో 72.25, సరిగ్గా 400. ఈ పరీక్షకు అర నిమిషం చాలు.

183 దగ్గర ప్రశ్న మారుతుంది

ఇంకా చల్లార్చి 184కి, అంటే యూటెక్టిక్ గీతకు వెంట్రుకవాసి పైకి వద్దాం. టై లైన్ కొసలు 18.3, 61.9. ద్రవం (40 − 18.3) ÷ (61.9 − 18.3), అంటే 21.7 ÷ 43.6, సుమారు 49.8 శాతం. సగం గట్టి, సగం ద్రవం. రేడియేటర్ మాటు మెత్తగా ఉండి సర్దుకోవడానికి లొంగేది ఇందుకే. 238 నుంచి 183 వరకు 55 డిగ్రీల మేర గట్టి రేణువుల మధ్య ద్రవం నిలిచి ఉంటుంది. ఈ మధ్యలో అతుకును కదిపితే రేణువుల మధ్య సన్నని పగుళ్లు వస్తాయి. ఆరాక ఉపరితలం మసకగా, గరుకుగా కనిపిస్తుంది. అలాంటి మాటును మళ్లీ పూర్తిగా కరిగించి కదలకుండా ఆరనివ్వాలి, పైన కొంచెం సాల్డర్ పూస్తే సరిపోదు.

టీవీ మెకానిక్ తీగతో ఇదే లెక్క కట్టి చూడండి. 60 శాతం దగ్గర, 184 డిగ్రీల వద్ద, ఆల్ఫా (61.9 − 60) ÷ 43.6, సుమారు 4.4 శాతం. గట్టి రేణువులు వందకు నాలుగైదు పాళ్లే, మిగతాదంతా ఒక్క దెబ్బకు గట్టిపడే ద్రవం. లిక్విడస్ కూడా 190కి అటూ ఇటూ ఉంటుంది. ముద్దగా ఉండే దశ ఏడెనిమిది డిగ్రీల్లో అయిపోతుంది. సర్క్యూట్ బోర్డు మీద చిన్న కాలుకు టంకం పెట్టేవాడికి కావాల్సింది అదే, వంకర తిరిగిన ఇత్తడి ట్యాంకు అంచు మీద మాటు వేసేవాడికి కాదు.

అసలు 183 మీద ఏం జరుగుతోంది? 61.9 శాతం తగరం ఉన్న ఆ 498 గ్రాముల ద్రవం, వేడి తగ్గకుండానే, ఆల్ఫాగానూ బీటాగానూ ఒకేసారి విడిపోతూ గట్టిపడుతుంది. ఇది జరుగుతున్నంతసేపూ ద్రవం, ఆల్ఫా, బీటా మూడూ ఉంటాయి. రెండు ఫేజ్‌లున్నప్పుడు తగరం లెక్క ఒక్కటే చాలు, ఒక తెలియని రాశి, ఒక సమీకరణం. మూడు ఫేజ్‌లున్నప్పుడు తెలియనివి రెండు, సమీకరణం ఒకటే. ఆ క్షణాన ఎంత ద్రవం మిగిలిందన్నది ఎంత వేడి బయటికి పోయిందన్న దాని మీద ఆధారపడుతుంది. పటంలో ఆ సమాచారం లేదు. కాబట్టి సరిగ్గా 183 దగ్గర లీవర్ రూల్ పెట్టకూడదు. ఒక డిగ్రీ పైన పెట్టండి, లేదా ఒక డిగ్రీ కింద పెట్టండి. రెండు చోట్లా వచ్చే జవాబులు వేరు, రెండూ నిజమే.

ఒక డిగ్రీ కింద, 182 దగ్గర పెడదాం. ఇప్పుడు ద్రవం లేదు. టై లైన్ కొసలు 18.3, 97.8. ఆల్ఫా (97.8 − 40) ÷ (97.8 − 18.3), అంటే 57.8 ÷ 79.5, సుమారు 72.7 శాతం. బీటా 27.3 శాతం.

ఒక డిగ్రీ పైన ఆల్ఫా 50.2 శాతం, ఒక డిగ్రీ కింద 72.7 శాతం. పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది సరిగ్గా ఇక్కడే. మైక్రోస్కోపులో చూస్తే రెండు రకాల ప్రాంతాలు కనిపిస్తాయి. ముందే పుట్టి పెరిగిన పెద్ద పెద్ద ఆల్ఫా రేణువులు ఒక రకం. వాటి మధ్య, ఆల్ఫా బీటా సన్నని పొరలుగా పేనుకున్న ప్రాంతం రెండో రకం, దాన్ని యూటెక్టిక్ అంటారు. యూటెక్టిక్ ఒక ఫేజ్ కాదు, రెండు ఫేజ్‌ల కలయిక. ప్రశ్న "ఆల్ఫా ఎంత" అంటే మొత్తం ఆల్ఫా అడుగుతున్నట్టు, జవాబు 72.7. "తొలి ఆల్ఫా ఎంత, యూటెక్టిక్ ఎంత" అంటే కంటికి కనిపించే ప్రాంతాలు అడుగుతున్నట్టు, జవాబు 50.2, 49.8. మొదటి దానికి 183కి కింది టై లైన్, రెండో దానికి 183కి పై టై లైన్. యూటెక్టిక్ అంటే 184 దగ్గర మిగిలి ఉన్న ద్రవమే కదా, మరో చోట వెతకాల్సిన పని లేదు.

ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి అతకాలి. అతుకుతాయో లేదో చూద్దాం. 61.9 శాతం దగ్గర నిలువు గీత పెట్టి, 182 టై లైన్ మీద లీవర్ రూల్ వేస్తే, యూటెక్టిక్ లోపల ఆల్ఫా (97.8 − 61.9) ÷ 79.5, సుమారు 45.2 శాతం. మన కిలోలో యూటెక్టిక్ 498 గ్రాములు, అందులో 45.2 శాతం సుమారు 225 గ్రాముల ఆల్ఫా. తొలి ఆల్ఫా 502 గ్రాములు. కలిపితే 727 గ్రాములు. పైన వేరే దారిలో వచ్చిన 72.7 శాతం ఇదే. బీటా అంతా యూటెక్టిక్ లోపలే ఉంది, 273 గ్రాములు.

గది వేడికి వచ్చేలోపు

150 డిగ్రీలకు దిగుదాం. కొసలు 11, 99. ఆల్ఫా (99 − 40) ÷ (99 − 11), అంటే 59 ÷ 88, సుమారు 67 శాతం. బీటా 33 శాతం. 182 దగ్గర 27 శాతం ఉన్న బీటా ఇక్కడికి 33 అయింది. సాల్వస్ గీత ఎడమకు వంగడం వల్ల ఆల్ఫా ఇముడ్చుకోలేని తగరం బయటికి వచ్చి, బీటాగా చిన్న చిన్న చుక్కల్లా ఆల్ఫా లోపలే తేలుతుంది.

ఈ మెట్టు దగ్గర చాలా తెలివైన విద్యార్థులు కూడా చేసే తప్పు ఒకటుంది. 150 దగ్గర యూటెక్టిక్ ఎంత అని అడిగితే, 11కీ 61.9కీ మధ్య లీవర్ వేసి (40 − 11) ÷ (61.9 − 11), 57 శాతం అని రాస్తారు. అది తప్పు. యూటెక్టిక్ ప్రాంతం 183 దగ్గర గట్టిపడిన ద్రవం. గట్టిపడ్డాక ఆ ప్రాంతం పెరగదు, తగ్గదు. 150కి వచ్చినా, గది వేడికి వచ్చినా అది 49.8 శాతమే. చల్లారేకొద్దీ మారేది రెండు ప్రాంతాల లోపలి ఆల్ఫా, బీటా పంపకం. 61.9 అన్న అంకెకు 183 దగ్గర తప్ప మరెక్కడా టై లైన్ కొసగా స్థానం లేదు.

ఇదంతా బరువు లెక్క. ల్యాబులో నమూనాను పాలిష్ పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, కనిపించే వైశాల్యం కొలిస్తే వచ్చేది ఘనపరిమాణం వాటా. సీసం, తగరం మధ్య సాంద్రతలో ఎంత తేడా ఉందో తెలిసిందే. 150 డిగ్రీల దగ్గర ఆల్ఫా సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 10.6 గ్రాములు, బీటా సుమారు 7.3. 670 గ్రాముల ఆల్ఫా ఆక్రమించేది 63 ఘన సెంటీమీటర్లు, 330 గ్రాముల బీటా ఆక్రమించేది 45. కాబట్టి వైశాల్యంలో ఆల్ఫా 58 శాతమే కనిపిస్తుంది. ల్యాబు రికార్డులో "లీవర్ రూల్ 67, కొలత 58, పొరపాటు 9" అని రాసేముందు సాంద్రత సర్దుబాటు చేశారో లేదో చూసుకోవాలి. అక్కడ పొరపాటేమీ లేకపోవచ్చు.

అడ్డ అక్షం మీద అంకెలు బరువు శాతమా, పరమాణువుల శాతమా అన్నది కూడా చూడాలి. కొన్ని పటాలకు కింద ఒకటి, పైన ఒకటి రెండు అక్షాలుంటాయి. తగరం పరమాణువు తేలిక, సీసం పరమాణువు బరువు. అందువల్ల బరువులో 61.9 శాతమైన యూటెక్టిక్ పరమాణువుల లెక్కలో 73.9 శాతం. ఒక కొస ఒక అక్షం మీద, ఇంకో కొస మరో అక్షం మీద చదివితే తగరం కూడిక 400కు రాదు, అక్కడే దొరికిపోతుంది.

పటం చెప్పినదానికి, పోత చూపించేదానికి తేడా

ఫేజ్ డయాగ్రం సమతుల్యత పటం. ప్రతి డిగ్రీ దగ్గరా పరమాణువులు తీరిగ్గా సర్దుకునేంత సమయం ఇచ్చినట్టు ఊహించుకుని గీసినది. 238 దగ్గర పుట్టిన ఆల్ఫా రేణువులో తగరం తక్కువ. 200కి వచ్చేసరికి ఆల్ఫా అంతా, ఆ రేణువు నడిబొడ్డుతో సహా, 17 శాతానికి రావాలని లీవర్ రూల్ అనుకుంటుంది. గట్టి పదార్థంలో పరమాణువులు అంత త్వరగా కదలవు. అచ్చులో పోసిన కడ్డీలో రేణువు మధ్యన సీసం ఎక్కువగా, అంచున తగరం ఎక్కువగా మిగిలిపోతుంది. దీన్ని కోరింగ్ అంటారు. రేణువు తన వంతు తగరాన్ని తీసుకోలేదు కాబట్టి ఆ తగరం ద్రవంలోనే ఉండిపోతుంది. ఫలితంగా 183 దగ్గర మిగిలే ద్రవం లీవర్ రూల్ చెప్పినదానికన్నా ఎక్కువ.

ఎంత ఎక్కువ? గట్టి పదార్థంలో పరమాణువులు అసలు కదలవు, ద్రవంలో మాత్రం పూర్తిగా కలిసిపోతాయి అనుకుంటే షైల్ సూత్రం పై హద్దు చెబుతుంది. గట్టి ఫేజ్ పాళ్లను ద్రవం పాళ్లతో భాగించగా వచ్చే నిష్పత్తి k. 183 దగ్గర అది 18.3 ÷ 61.9, సుమారు 0.296. 40 శాతం సాల్డర్‌కు 183 దగ్గర మిగిలే ద్రవం భాగం f:

```
f = (61.9 / 40)^(1/(k − 1)) = (1.5475)^(−1.42) ≈ 0.54
```

లీవర్ రూల్ 49.8 అంటే షైల్ 54 అంటుంది. నిజమైన కడ్డీ ఈ రెండింటి మధ్య ఉంటుంది. వంపు గీతల వల్ల k అన్నిచోట్లా ఒకటే కాదు, అందుకే ఈ 54ను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. 40 శాతం దగ్గర తేడా నాలుగు పాయింట్లే, మామూలు పనికి లెక్కలోకి రాదు.

15 శాతం తగరం ఉన్న మిశ్రమం దగ్గర ఇది చిన్న విషయం కాదు. 15 అన్నది 18.3కి ఎడమన ఉంది. పటం ప్రకారం ఈ మిశ్రమం 230 డిగ్రీల దగ్గరే పూర్తిగా గట్టిపడి ఒక్క ఆల్ఫాగా మారాలి, యూటెక్టిక్ సున్నా. షైల్ లెక్కలో (61.9 / 15) అన్నదాన్ని అదే ఘాతానికి ఎత్తితే సుమారు 0.13 వస్తుంది. అంటే త్వరగా చల్లారిన పోతలో నూటికి 13 పాళ్ల దాకా ద్రవం 183 వరకు మిగిలి ఉండే వీలుంది. 230 దాకా గట్టిగా ఉంటుందని నమ్మి దీన్ని 200 డిగ్రీల వేడి తగిలే చోట వాడితే, రేణువుల అంచుల్లోని యూటెక్టిక్ ముందే కరిగి అతుకు ఊడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చిన్న మూకుడులో మిశ్రమాన్ని కరిగించి, మధ్యలో థర్మోకపుల్ ఉంచి, పది సెకన్లకు ఒకసారి వేడి రాసుకుంటూ చల్లార్చండి. 40 శాతం సాల్డర్ అయితే 238 దగ్గర గీత వాలు తగ్గుతుంది, ఎందుకంటే ఆల్ఫా పుడుతూ వేడి విడుదల చేస్తోంది. 183 దగ్గర గీత పూర్తిగా అడ్డంగా నిలబడుతుంది. ఒక్కోసారి 183కి కొంచెం కిందికి జారి, మళ్లీ పైకి లేచి నిలబడుతుంది. బీటా మొదలవడానికి కాస్త ఆలస్యమైనందువల్ల అలా జరుగుతుంది, థర్మోకపుల్ చెడిపోయిందనుకోవద్దు. ఒకే మూకుడులో, ఒకే బరువుతో వేరువేరు మిశ్రమాలను చల్లారిస్తే, ఆ అడ్డ గీత ఎంతసేపు నిలిచిందన్నది యూటెక్టిక్ ఎంత ఉందో పోల్చి చెబుతుంది.

15 శాతం మిశ్రమంతో ఇదే చేస్తే పటం ప్రకారం 183 దగ్గర ఏమీ కనిపించకూడదు. కనిపించిందంటే కోరింగ్ జరిగినట్టే. ఆ ముక్కను 175 నుంచి 180 డిగ్రీల మధ్య చాలాసేపు నిలిపి ఉంచితే రేణువుల అంచున చిక్కుకున్న తగరం నెమ్మదిగా లోపలికి ఇంకుతుంది. ఆ వేడి దగ్గర ఆల్ఫాకు 15 శాతం తగరాన్ని ఇముడ్చుకునే చోటుంది. 183 దాటనిస్తే మాత్రం అంచులు కరిగి ముక్క ఆకారం చెడుతుంది. తర్వాత మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తూ థర్మోకపుల్ చూడండి. 183 దగ్గరి మెట్టు పోయి, కరగడం 230 దగ్గర మొదలైతే, ఇప్పుడా ముక్క లోపల పటం చెప్పినట్టే ఉందన్నమాట.